కుదుపు ఎక్కడ పుడుతోంది?

కంప్యూటర్ ఆటలో తెర మీద కనిపించే కదలిక అంతా ఒకదాని వెనక ఒకటి వచ్చే బొమ్మల వరుస. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయో చెప్పే అంకెను ఎఫ్‌పీఎస్ అంటారు. ఒక్కో ఫ్రేమ్ రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్పేది ఫ్రేమ్ టైమ్. సెకనుకు 60 ఫ్రేములు సమానంగా వస్తే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు పట్టినట్టు. 144 వస్తే 6.9 మిల్లీసెకన్లు. ఫ్రేములు ఎన్ని వచ్చాయన్నదాని కంటే అవి ఒకే ఎడంతో వచ్చాయా లేదా అన్నదే కంటికి ముందు తెలుస్తుంది. ఆ ఎడం హఠాత్తుగా పెరిగినప్పుడు బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి, వెంటనే ముందుకు దూకుతుంది. ఆటగాళ్లు స్టట్టర్ అనేది ఈ కుదుపునే.

ఎఫ్‌పీఎస్ అంకెలో ఈ కుదుపు కనిపించదు. ఒక సెకనులో 59 ఫ్రేములు 14.5 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, మిగిలిన ఒక్కటి 144.5 మిల్లీసెకన్లు తీసుకుందనుకుంటే మొత్తం సరిగ్గా 1000 మిల్లీసెకన్లు. తెర మూలన 60 అనే అంకె నిశ్చింతగా నిలబడి ఉంటుంది. ఆడుతున్న మనిషి మాత్రం మలుపులో కారు గోడకు కొట్టుకోవడం చూస్తాడు. 2011లో ‘ది టెక్ రిపోర్ట్’ సంపాదకుడు స్కాట్ వాసన్ గ్రాఫిక్స్ కార్డుల పరీక్షలో సగటును పక్కనబెట్టి, సెకను లోపల ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన కాలాన్ని గీసి చూపించడంతో ఈ లోపం అందరి దృష్టికీ వచ్చింది. ఇప్పుడు చాలా ఆట పరీక్షల్లో ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ కనిపిస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా మిల్లీసెకన్లు: గీత ఎంత కిందగా, ఎంత చదునుగా ఉంటే ఆట అంత సాఫీగా సాగుతున్నట్టు.

కుదుపు వచ్చిందని గ్రాఫ్ చెబుతుంది కానీ ఎవరి వల్ల వచ్చిందో అది ఒక్కటే చెప్పలేదు. అందుకు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్క్ ఎంత పనిలో ఉన్నాయో చూపే అంకెలు కావాలి. వాటిని సరిగ్గా చదవాలంటే ఒక ఫ్రేమ్ ఎలా తయారవుతుందో కొంచెం తెలిసి ఉండాలి. ముందు ప్రాసెసర్ పని: ఏ మీట నొక్కారో చూడడం, పాత్రలను కదపడం, ఏ వస్తువు దేన్ని గుద్దుకుందో లెక్కగట్టడం, చివరికి ‘ఇవి గీయి’ అని ఆదేశాల జాబితా సిద్ధం చేయడం. ఆ జాబితా అందుకుని గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. కార్డు ఒక ఫ్రేమ్ గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేమ్ జాబితా మొదలుపెడుతుంది. ఇద్దరూ పక్కపక్కనే పనిచేస్తారు కాబట్టి ఆట వేగాన్ని నిర్ణయించేది ఇద్దరిలో నెమ్మదిగా ఉన్నవాడే. రెండోవాడు తన పని ముగించుకుని ఎదురు చూస్తుంటాడు.

స్టోరేజీ పాత్ర వేరు. ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ దానితో పని పడదు. కొత్త వీధి దగ్గరపడినప్పుడు ఆ భవనాల ఆకారాలు, గోడల టెక్స్చర్లు, శబ్దాలు డిస్క్ నుంచి మెమరీలోకి రావాలి. అవి వచ్చేశాక డిస్క్ ఊరుకుంటుంది. అందుకే స్టోరేజీ వల్ల ఆట మొత్తం నిలకడగా నెమ్మదించడం ఉండదు. వస్తే అప్పుడప్పుడూ ఒక్కసారిగా ఆగడమే వస్తుంది. పెళ్లి బంతిలో వడ్డన ఆగితే కారణం వంటవాళ్లు కావచ్చు, వడ్డించేవాళ్లు కావచ్చు, ఊరి నుంచి రావలసిన సరుకు బండి కావచ్చు. విస్తరి ముందు కూర్చున్నవాళ్లకు మూడూ ఒకేలా ఉంటాయి. ఎవరు చేతులు కట్టుకుని ఎవరి కోసం చూస్తున్నారో లోపలికి వెళ్లి చూస్తేనే తేలుతుంది. మూడు రకాల కుదుపులను విడదీయడమంటే ఇదే.

ఇక అంకెల సంగతి. ప్రాసెసర్ వాడకం మొత్తంగా 35 శాతమే ఉందని చూసి ‘ప్రాసెసర్ ఖాళీగానే ఉంది’ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8.3 శాతమే. చాలా ఆటల్లో ముఖ్యమైన పనులన్నీ ఒక ప్రధాన థ్రెడ్ మీద వరుసగా సాగుతాయి. అది నిండిందంటే మిగిలిన కోర్లు ఎంత ఖాళీగా ఉన్నా ఆట అంతకంటే వేగంగా పోదు. అందుకని కోర్ల అంకెలు విడివిడిగా చూడాలి. అప్పుడు కూడా ఒక చిక్కుంది. విండోస్ ఆ ప్రధాన థ్రెడ్‌ను ఒక కోర్ మీది నుంచి మరో కోర్ మీదికి మారుస్తూ ఉంటుంది కనుక ఏ ఒక్క కోర్ కూడా 100 చూపకపోవచ్చు. మూడు నాలుగు కోర్లు 60, 70 శాతాల మధ్య ఊగుతున్నా ప్రధాన థ్రెడ్ నిండుగానే ఉండవచ్చు.

రెండో చిక్కు సమయానిది. ఆటలో అంకెలు చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ మామూలుగా సెకనుకు ఒకసారి కొలుస్తుంది. 150 మిల్లీసెకన్ల కుదుపులో గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా ఖాళీగా కూర్చున్నా, సెకను మొత్తానికి సగటు వేస్తే 98 శాతం కాస్తా 84కో 85కో దిగుతుంది, అంతే. అంత చిన్న దిగుడును ఎవరూ పట్టించుకోరు. కొలిచే వ్యవధిని 100 మిల్లీసెకన్లకు తగ్గిస్తే కొంత మెరుగు. అయినా కార్డు డ్రైవరే లోపల తన అంకెను కొంత కాలానికి సగటు వేసి ఇస్తుంది కాబట్టి ఒక్క ఫ్రేమ్‌లో జరిగినదాన్ని ఈ శాతం కచ్చితంగా చెప్పలేదు.

ఈ లోటు తీర్చేది ఇంటెల్ ఉచితంగా ఇస్తున్న ప్రెజెంట్‌మాన్. 2023లో అందులో `GPU Busy` అనే కొలత చేర్చారు. ఒక్కో ఫ్రేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు నిజంగా పనిచేసిన మిల్లీసెకన్లు ఎన్నో అది చెబుతుంది. దాన్ని ఆ ఫ్రేమ్ మొత్తం కాలం పక్కన పెడితే చాలు. ఫ్రేమ్‌కు 20 మిల్లీసెకన్లు పట్టి అందులో 19.6 కార్డు పనిలోనే గడిస్తే ఆలస్యం కార్డుది. 20లో కార్డు 11 మాత్రమే పనిచేస్తే మిగిలిన 9 అది ఎదురుచూపులో గడిపినట్టు. శాతాల కంటే ఈ జంట అంకెలే నమ్మదగినవి. రెండు గీతలనూ ఒకే గ్రాఫ్ మీద చూడగలిగితే సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

కొలిచే ముందు కొన్ని తీసేయాలి. ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టి ఉంటే ప్రాసెసర్, కార్డు రెండూ కావాలనే ఆగుతాయి కాబట్టి రెంటి అంకెలూ తక్కువగానే ఉంటాయి. దాన్ని మూడో కారణంగా పొరబడే ప్రమాదం ఉంది. వీసింక్ కూడా ఆపేయాలి. 60 హెర్ట్జ్ తెర మీద వీసింక్ ఉన్నప్పుడు ఫ్రేమ్ కొంచెం ఆలస్యమైనా తర్వాతి వంతు దాకా ఆగుతుంది. గ్రాఫ్ సరిగ్గా 16.7కూ 33.3కూ మధ్య మెట్లు మెట్లుగా ఎగిరిపడుతుంటే అది వీసింక్ పని. మధ్యలో కల్పిత ఫ్రేములను చొప్పించే ఫ్రేమ్ జనరేషన్‌ను కూడా ఆపాలి. ఆన్‌లైన్ ఆటలో పాత్ర వెనక్కి ముందుకి గెంతుతున్నా గ్రాఫ్ చదునుగానే ఉంటే తప్పు నెట్ కనెక్షన్‌ది, కంప్యూటర్‌ది కాదు.

గ్రాఫిక్స్ కార్డు వల్ల వచ్చే నెమ్మదితనం గుర్తుపట్టడం సులువు. కార్డు వాడకం 97 నుంచి 99 శాతం దగ్గర అతుక్కుని ఉంటుంది. `GPU Busy` గీత ఫ్రేమ్ టైమ్ గీతకు దాదాపు ఆనుకుని నడుస్తుంది. గ్రాఫ్‌లో సూదిమొనలు తక్కువ. పొగ, వాన, అద్దాల ప్రతిబింబాలు తెర నిండా పరుచుకున్నప్పుడు గీత దిబ్బలా లేచి, దృశ్యం మారాక మళ్లీ దిగుతుంది. తేల్చే పరీక్ష కూడా సులువే. రిజల్యూషన్ తగ్గిస్తే కార్డు గీయవలసిన చుక్కలు తగ్గుతాయి, ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. 1080పీ నుంచి 720పీకి దించగానే దిబ్బ సగానికి పడిపోతే కారణం కార్డే. శాతంతో పాటు కార్డు క్లాక్ వేగాన్ని కూడా చూస్తుండాలి. మే నెలలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ తగ్గించుకుంటే శాతం 99గానే ఉంటుంది, పని మాత్రం తక్కువ జరుగుతుంది. ఆట మొదట్లో బాగుండి, పావుగంట తర్వాత నెమ్మదించే యంత్రాల్లో చూడవలసింది ఇదే.

ప్రాసెసర్ వల్ల వచ్చేది ఇంత శుభ్రంగా కనిపించదు. గ్రాఫ్ గరుకుగా, రంపపు పళ్లలా ఉంటుంది. కార్డు వాడకం 60, 70 శాతం దగ్గర ఊగుతుంది. `GPU Busy` గీత ఫ్రేమ్ టైమ్ గీతకు బాగా కిందుగా, తన మానాన తాను ప్రశాంతంగా సాగుతుంది. జనం గుమిగూడిన బజారులోకి వెళ్తే గీత లేస్తుంది, ఊరి బయటికి వస్తే దిగుతుంది. రిజల్యూషన్ ఎంత తగ్గించినా కదలదు. నీడల దూరం, జనసమ్మర్దం, కంటికి కనిపించే దూరం వంటి సెట్టింగులు తగ్గిస్తే మాత్రం దిగుతుంది. ఒకే ఎడంతో వచ్చే మొనలు కూడా ఎక్కువగా ఇటువైపువే. యూనిటీ ఇంజిన్‌తో చేసిన కొన్ని ఆటల్లో వాడేసిన మెమరీని ఊడ్చే పని ప్రధాన థ్రెడ్‌ను కాసేపు ఆపుతుంది. వెనక నడిచే యాంటీవైరస్ తనిఖీ కూడా అలాగే చేస్తుంది. ఆటలో ఎక్కడ నిలబడ్డా అదే లయలో మొన వస్తుంటే దృశ్యాన్ని కాక గడియారాన్ని అనుమానించాలి.

స్టోరేజీ కుదుపును అర్థం చేసుకోవడానికి హార్డ్ డిస్క్ లోపల ఏం జరుగుతుందో చూడడం మంచిది. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. తల ఆ చోటికి జరగడానికి మరో ఎనిమిది. చెల్లాచెదురుగా ఉన్న ఒక్కో ముక్కకు సుమారు 12 మిల్లీసెకన్లు అయినట్టు. కొత్త వీధి కోసం ఆటకు అలాంటి 15 ముక్కలు కావలసి, అవి వచ్చేదాకా ఆగితే 180 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. 60 ఎఫ్‌పీఎస్ లెక్కలో పదకొండు ఫ్రేములు రావలసిన కాలమది. ఎస్ఎస్‌డీ మీద ఒక్కో ముక్కకు 0.1 మిల్లీసెకను పడుతుంది కనుక పదిహేనూ కలిపి ఒకటిన్నర మిల్లీసెకన్లలో వచ్చేస్తాయి.

ఈ లెక్క నుంచే దాని గుర్తులు బయటికొస్తాయి. గ్రాఫ్ నేల చదునుగా ఉండి, దాని మీద ఒంటరి మొనలు వంద, రెండు వందల మిల్లీసెకన్ల ఎత్తుకు లేస్తాయి. మొన లేచిన క్షణాన కార్డు అంకె పడిపోతుంది, ప్రాసెసర్ అంకె కూడా పడిపోతుంది. అందరూ డిస్క్ కోసం ఆగి ఉన్నారు కాబట్టి ఎవరూ పనిలో ఉండరు. ప్రాసెసర్ కుదుపుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది: అక్కడ కార్డు ఖాళీగా ఉన్నప్పుడు కనీసం ఒక థ్రెడ్ చెమటోడుస్తుంటుంది, ఇక్కడ ఎవరూ ఉండరు. టాస్క్ మేనేజర్లో ఆట ఉన్న డిస్క్ `Active time` 100 శాతానికి చేరుతుంది, `Average response time` పదుల నుంచి వందల మిల్లీసెకన్లకు పెరుగుతుంది. అదే సమయంలో చదివిన వేగం సెకనుకు 5 ఎంబీ మాత్రమే ఉండవచ్చు. ఈ చిన్న అంకెను చూసి డిస్క్ మీద భారం లేదనుకోకూడదు. సెకనుకు 80 ముక్కలు, ముక్కకు 64 కేబీ చొప్పున లెక్కవేస్తే అయిదు ఎంబీయే వస్తుంది. డిస్క్ శక్తి అంతా వెతుకులాటకే పోతోంది. రిసోర్స్ మానిటర్లో `Disk` పేజీ తెరిస్తే ఏ ఫైలు చదవడానికి ఎంత ఆలస్యమైందో పేరుతో సహా కనిపిస్తుంది. ఆట ఫైళ్లే అక్కడ పైన ఉంటే అనుమానం బలపడుతుంది.

ఆట నడుస్తుండగా వేరే కిటికీ చూడడం కుదరదు. అందుకు విండోస్‌లోనే ఉన్న చిన్న ఆదేశంతో అంకెలను ఫైలులోకి రాయించి, తర్వాత గ్రాఫ్ పక్కన పెట్టుకోవచ్చు:

```
typeperf "\PhysicalDisk(*)\Avg. Disk sec/Read" "\PhysicalDisk(*)\% Idle Time" "\Memory\Pages Input/sec" -si 1 -o disk.csv
```

ఇందులో మొదటి అంకె సెకన్లలో వస్తుంది, 0.012 అంటే 12 మిల్లీసెకన్లు. ఇదీ సెకను సగటే అయినా, ప్రతి వరుస ముందూ గడియారపు వేళ ఉంటుంది కనుక మొన లేచిన సెకనుతో పోల్చి చూడవచ్చు. డిస్క్ నెమ్మదిగా ఉన్నంత మాత్రాన కుదుపు వచ్చి తీరాలని లేదు. చాలా ఆటలు సరుకు కోసం ఆగకుండా ముందుకు సాగిపోతాయి. అప్పుడు గోడలు కాసేపు మసకగా కనిపించి తర్వాత తేటపడతాయి, గ్రాఫ్ మాత్రం చదునుగానే ఉంటుంది.

స్టోరేజీ వేషం వేసుకుని వచ్చే కుదుపులు మరికొన్ని ఉన్నాయి. వాటిలో అందరినీ ఎక్కువ మోసగించేది షేడర్ల తయారీ. నీరు ఎలా మెరవాలి, లోహం ఎలా కనిపించాలి అని చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. వాటిని ఒక్కో గ్రాఫిక్స్ కార్డుకు తగినట్టు మార్చుకోవాలి. ఆ పని ముందే ముగించని ఆటల్లో కొత్త రకం పేలుడో కొత్త పదార్థమో మొదటిసారి తెర మీదికి వచ్చిన క్షణాన ప్రాసెసర్ అప్పటికప్పుడు ఆ పనికి కూర్చుంటుంది. డైరెక్ట్‌ఎక్స్ 12 వాడే అన్‌రియల్ ఇంజిన్ ఆటల్లో ఈ ఫిర్యాదు చాలా వినిపించింది. ఇదీ ఒంటరి మొనే. ఇదీ మొదటిసారే వస్తుంది, అదే చోటికి మళ్లీ వెళ్తే రాదు. స్టోరేజీ మొన కూడా సరిగ్గా అలాగే ప్రవర్తిస్తుంది, ఎందుకంటే ఒకసారి చదివిన ఫైళ్లను విండోస్ ఖాళీ ర్యామ్‌లో దాచి ఉంచుతుంది.

రెంటినీ విడదీసేది వాటి జ్ఞాపకం ఎక్కడ ఉందన్న సంగతి. ఫైళ్ల నకలు ర్యామ్‌లో ఉంటుంది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే చెరిగిపోతుంది. తయారైన షేడర్లు డిస్క్ మీద భద్రంగా ఉంటాయి. రీస్టార్ట్ చేసినా పోవు, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చినప్పుడు పనికిరాకుండా పోతాయి. కనుక రీస్టార్ట్ చేసి అదే దారిలో వెళ్లినప్పుడు మొనలు తిరిగొస్తే స్టోరేజీ. రీస్టార్ట్ తర్వాత రాకుండా, డ్రైవర్ అప్‌డేట్ తర్వాతో, డిస్క్ క్లీనప్‌లో `DirectX Shader Cache` తుడిచాకో తిరిగొస్తే షేడర్లు. ఏ పరికరమూ కొనకుండా చేసే ఈ పరీక్ష చాలా అనవసరపు ఖర్చును ఆపగలదు. షేడర్ మొనలకు ఎస్ఎస్‌డీ మందు కాదు, కొత్త గ్రాఫిక్స్ కార్డూ కాదు.

మెమరీ చాలకపోవడం ఇంకో వేషం. గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ నిండితే మిగిలిన టెక్స్చర్లను డ్రైవర్ మామూలు ర్యామ్‌లో పెట్టి, అవసరమైనప్పుడల్లా అక్కడి నుంచి తెప్పిస్తుంది. ఆ దారి కార్డు సొంత మెమరీ కంటే చాలా ఇరుకు. టాస్క్ మేనేజర్లో `Dedicated GPU memory` అంచుదాకా నిండి, `Shared GPU memory` పెరుగుతూ పోవడం దాని గుర్తు. రిజల్యూషన్ ముట్టుకోకుండా టెక్స్చర్ నాణ్యతను ఒక్క మెట్టు దించగానే మొనలు మాయమైతే సంగతి తేలినట్టే. ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత భాగాన్ని డిస్క్‌లోని `pagefile.sys`లోకి తోసేసి మళ్లీ తెచ్చుకుంటుంది. అప్పుడు కూడా డిస్క్ అంకెలు ఎగురుతాయి, అయితే ఆట ఉన్న డిస్క్‌వి కాకుండా చాలాసార్లు విండోస్ ఉన్న డిస్క్‌వి. `Hard Faults/sec` ఎక్కువగా ఉన్నంత మాత్రాన దీన్ని నిర్ధారించకూడదు, మామూలు ఫైళ్లు చదివినా అది పెరగవచ్చు. రిసోర్స్ మానిటర్ జాబితాలో `pagefile.sys` పేరు పైన ఉందో లేదో చూడాలి.

ఇదంతా ఒక ఉదాహరణ మీద పెట్టి చూద్దాం. ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్న అసెంబుల్డ్ కంప్యూటర్ అనుకుందాం. విండోస్ చిన్న ఎస్ఎస్‌డీ మీద, ఆటలు పాత కంప్యూటర్లోంచి తీసి పెట్టిన హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి. పెద్ద నగరంలో కారు నడుపుతూ తిరిగే ఆట. యజమాని ఫిర్యాదు ‘కార్డు చాలట్లేదు’ అని. వీసింక్, ఎఫ్‌పీఎస్ పరిమితి తీసేసి, ఒకే దారిలో మూడు చోట్ల కొలుస్తారు.

బజారు వీధిలో ఫ్రేమ్ టైమ్ 21 మిల్లీసెకన్ల చుట్టూ గరుకుగా ఊగుతుంది. `GPU Busy` 11, కార్డు వాడకం 55 శాతం. రాత్రి వానలో నియాన్ బోర్డుల కింద ఫ్రేమ్ టైమ్ 24కు లేచి అక్కడే నిలుస్తుంది, `GPU Busy` 23.5, వాడకం 99. హైవే మీద వేగంగా పోతుంటే నేల 13 దగ్గర చదునుగా ఉంటుంది కానీ కొన్ని సెకన్లకోసారి 150 నుంచి 200 మిల్లీసెకన్ల మొన లేస్తుంది, ఆ క్షణాన కార్డూ కోర్లూ రెండూ చల్లబడతాయి, ఆటల డిస్క్ 100 శాతంలో ఉంటుంది. కారు ఆపి నిలబడితే మొనలు ఆగిపోతాయి.

రిజల్యూషన్ 720పీకి దించి మళ్లీ అదే దారి. బజారులో 21 కాస్తా 20.5 అవుతుంది, అంటే మార్పు లేనట్టే: అది ప్రాసెసర్‌ది. వానలో 24 కాస్తా 13కు పడుతుంది: అది కార్డుది. హైవే మీద నేల కొద్దిగా దిగుతుంది, మొనల ఎత్తు మారదు. వెంటనే రెండోసారి అదే హైవే మీద వెళ్తే మొనలు దాదాపు ఉండవు. రీస్టార్ట్ చేసి వెళ్తే అన్నీ తిరిగొస్తాయి. షేడర్ల అనుమానం తొలగి, మిగిలేది హార్డ్ డిస్క్.

ఒకే కంప్యూటర్, ఒకే ఆట, మూడు చోట్ల మూడు కారణాలు. ‘ఈ కంప్యూటర్‌కు ఏది అడ్డం’ అని అడగడం కంటే ‘ఈ చోట, ఈ క్షణాన ఏది అడ్డం’ అని అడగడమే సరైనది. యజమాని కొత్త కార్డు కొని ఉంటే వానలోని 24 తగ్గేది. అతన్ని ఎక్కువగా విసిగిస్తున్న హైవే మొనలు అలాగే ఉండిపోయేవి.

ఆటను ఎస్ఎస్‌డీలోకి మార్చాక 200 మిల్లీసెకన్ల మొనలు పోతాయి. అయితే అవే మలుపుల దగ్గర 35 నుంచి 50 మిల్లీసెకన్ల చిన్న మొనలు మిగులుతాయి. వాటి వేళకు డిస్క్ 10 శాతం కూడా దాటదు, స్పందన ఒక మిల్లీసెకను లోపే ఉంటుంది. ఈసారి ఒక కోర్ మాత్రం గట్టిగా లేస్తుంది. డిస్క్ మీద కుదించి ఉంచిన సరుకును విప్పడం, కొత్త వస్తువులను ఆట ప్రపంచంలో నిలబెట్టడం ప్రాసెసర్ పని. ఇంతకాలం హార్డ్ డిస్క్ ఆలస్యం వెనక ఆ పని దాగి ఉంది. ఎస్ఎస్‌డీ తెచ్చాక కూడా కుదుపు పోలేదని దాన్ని తిరిగి దుకాణంలో ఇవ్వబోయేవాళ్లు చూస్తున్నది ఈ రెండో మొననే. ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ పెట్టినా అది తగ్గదు. ప్రతి కోర్ వేగంగా పనిచేసే ప్రాసెసర్‌తో కొంత చిన్నదవుతుంది. ఆట రాసినవాళ్లు ఆ పనిని ప్రధాన థ్రెడ్ మీది నుంచి పక్కకు తప్పించి, కొన్ని ఫ్రేములకు పంచినప్పుడే పూర్తిగా పోతుంది.